దీర్ఘకాలిక నొప్పి, డిప్రెషన్ కలిసి ఉన్నప్పుడు: పెయిన్ క్లినిక్‌లో మానసిక చికిత్సపై తరచుగా అడిగే ప్రశ్నలు

పెయిన్ క్లినిక్‌లో సైకాలజిస్టుగా నా ఎదురుగా కూర్చున్నవాళ్లు, వాళ్ల ఇంటివాళ్లు అడిగే ప్రశ్నలివి. జవాబుల్లో ఒక దర్జీ పనిచేసే ఆవిడ పదేపదే కనిపిస్తారు. వయసు 52, ఆరేళ్లుగా నడుము నొప్పి, రెండేళ్లుగా డిప్రెషన్. ఆవిడ ఎవరో ఒకరు కాదు. ఇలాంటివాళ్లలో తరచుగా చూసే వివరాలను ఒకచోట చేర్చి అల్లిన మనిషి.

నన్ను సైకాలజిస్టు దగ్గరికి పంపారంటే, నా నొప్పి ఉత్త భ్రమ అనేనా?

కాదు. మూడు నెలలు దాటి నిలిచిన నొప్పిని దీర్ఘకాలిక నొప్పి అంటారు. అప్పటికి చాలామందిలో తొలి గాయం మానిపోయి ఉంటుంది, కానీ నాడీ వ్యవస్థ ప్రమాద ఘంటికను ఆపదు. చిన్న కదలికకే పెద్దగా మోగిస్తుంది. నొప్పి నూటికి నూరుపాళ్లూ నిజం. అయితే ఆ ఘంటిక ఎంత గట్టిగా మోగాలన్నది నిద్ర, దిగులు, భయం, రోజంతా ఏం చేశాం, ఏం చేయలేదు అన్నవాటి మీద కూడా ఆధారపడి ఉంటుంది. మేం పనిచేసేది ఆ భాగం మీద. స్కానింగులో కనిపించేదాన్ని మేం మార్చలేం.

ముందు డిప్రెషన్ తగ్గించి, తర్వాత నొప్పి సంగతి చూడకూడదా?

ఒకటి తగ్గేదాకా రెండోదాన్ని ఆపి ఉంచడం కుదరదు, అవి ఒకదాన్ని ఒకటి మేపుకుంటాయి. దర్జీ ఆవిడ వారం ఎలా గడిచేదో చూడండి. నొప్పి కాస్త తగ్గిన రోజున మూడు గంటలు ఏకధాటిగా మిషను మీద కూర్చునేవారు. మర్నాడు, ఆ మర్నాడు మంచం దిగేవారు కాదు. పగలు పడుకోవడంతో రాత్రి నిద్ర పట్టేది కాదు. నిద్ర లేనందువల్ల పొద్దున నొప్పి ఎక్కువ. పని చేయలేకపోయానే అన్న దిగులు ఒకటి. "నేను దేనికీ పనికిరాను" అన్న మాట ఆవిడ నోట మొదటి అరగంటలోనే నాలుగుసార్లు వచ్చింది. ఇందులో నొప్పి ఎక్కడ ఆగింది, డిప్రెషన్ ఎక్కడ మొదలైంది అని గీత గీయడం నాకైతే చేతకాదు.

అందుకే మూడూ కలిపి చేస్తాం. పనిని కొలత ప్రకారం పంచుకోవడం, అంటే పేసింగ్, నొప్పితో పోరాటం మానడం, అంటే అంగీకారం, నిద్రను సరిదిద్దడం. కలిపి అన్నానే గానీ, ఒకేరోజు మొదలుపెట్టం. వరుస ముఖ్యం. దాని సంగతి కింద వస్తుంది.

మొదటి వారంలో ఏం చేస్తారు?

చికిత్సేమీ ఉండదు, లెక్కలు రాయించుకుంటాం. నిద్ర డైరీ, పనుల డైరీ, డిప్రెషన్‌కు పీహెచ్‌క్యూ-9 అనే తొమ్మిది ప్రశ్నల పత్రం. ఆవిడకు 27కు 17 వచ్చింది. 15 నుంచి 19 వరకు కొంత తీవ్రమైన డిప్రెషన్ కిందికి వస్తుంది. కానీ నొప్పి ఉన్నవాళ్ల విషయంలో ఆ మొత్తాన్ని చూసి ఆగిపోకూడదు. నిద్ర పట్టకపోవడం, నీరసం, ఆకలి, ఏకాగ్రత, కదలికలు మందగించడం అనే ఐదు ప్రశ్నలకూ నొప్పి ఒక్కటే మార్కులు తెచ్చిపెట్టగలదు. అందుకని ఆసక్తి పోవడం, దిగులు, తనను తాను నిందించుకోవడం అనే ప్రశ్నలను విడిగా చూస్తాను. ఆవిడకు వాటిలోనూ ఎక్కువే వచ్చాయి, కాబట్టి అది డిప్రెషనే.

తొమ్మిదో ప్రశ్న చావు ఆలోచనల గురించి. దానికి సున్నా వేసినా నేను నోటితో మళ్లీ అడుగుతాను. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమో అన్న భయం అక్కర్లేదు, అలా జరగదు. పెయిన్ క్లినిక్‌కు వచ్చేవాళ్ల ఇంట్లో మాత్రల డబ్బాలు నిండుగా ఉంటాయి. ఓపియాయిడ్లనే బలమైన నొప్పి మందులు, అమిట్రిప్టిలిన్ లాంటివి మోతాదు మించితే ప్రాణం తీస్తాయి. ఎప్పుడు, ఎలా అన్న పథకం దాకా ఆలోచన వెళ్లిందంటే మిగతావన్నీ పక్కన పెడతాం. మాత్రలు ఇంకొకరి చేతికి వెళతాయి, సైకియాట్రిస్టు అదేరోజు చూస్తారు. ఇది చదువుతున్న మీకే అలాంటి ఆలోచన ఉంటే తర్వాతి అపాయింట్‌మెంటు దాకా ఆగకండి. ఇప్పుడే ఇంట్లో ఒకరికి చెప్పి అత్యవసర విభాగానికి వెళ్లండి.

పేసింగ్ అంటే తక్కువ పని చేయమనడమే కదా?

అందరూ అలాగే అనుకుంటారు, చికిత్స ఎక్కువగా చెడేది కూడా ఇక్కడే. పేసింగ్‌లో ఎప్పుడు ఆపాలో చెప్పేది గడియారం. నొప్పికి ఆ అధికారం ఉండదు. నొప్పి తక్కువున్న రోజున గడియారం చెప్పినదానికి మించి చేయకూడదు, ఎక్కువున్న రోజున అంతకు తగ్గకూడదు. మొదటి సగం అందరికీ అర్థమవుతుంది. డిప్రెషన్ ఉన్నవాళ్లకు అసలు మందు రెండో సగంలో ఉంది. నొప్పి వచ్చినప్పుడల్లా ఆపడాన్ని పేసింగ్ అనుకుంటే అది తప్పించుకోవడమే అవుతుంది. మనిషి నెలనెలా కుంచించుకుపోతాడు, దిగులు పెరుగుతుంది.

ఆవిడ లెక్క ఇలా కట్టాం. ఐదు రోజులు మిషను మీద కూర్చుని, నొప్పి పెరగడం మొదలైన నిమిషాన్ని రాసుకోమన్నాను. భరించలేక లేచిన నిమిషం కాదు, పెరగడం మొదలైన నిమిషం. 35, 15, 30, 20, 25 వచ్చాయి. సగటు 25. అందులో ఐదో వంతు తీసేస్తే 20. ఆ 20 నిమిషాలే ఆవిడ మొదటి కొలత. ఫోనులో టైమరు మోగగానే, సగం కుట్టు మిగిలినా సరే లేవాలి. ఐదు నిమిషాలు ఇంట్లోనే నడవాలి, అప్పుడు కావాలంటే ఇంకో పని. ఇలా రోజుకు నాలుగుసార్లు, వారంలో ఏడు రోజులూ.

"ఇరవై నిమిషాల్లో ఒక చెయ్యి కూడా కుట్టలేను," అన్నారు ఆవిడ కోపంగా. కాగితం తీసి లెక్క వేశాం. అంతకుముందు వారానికి రెండు మంచి రోజులు, ఒక్కోరోజు మూడు గంటలు, మొత్తం 360 నిమిషాలు. ఇప్పుడు రోజుకు 80 చొప్పున 560. కాసేపు కాగితం వంకే చూశారు. ఒప్పుకోలేదు గానీ, చేసి చూస్తానన్నారు. నాకు అంతే కావాలి.

తర్వాత వారానికి సుమారు పదో వంతు పెంచుతాం. ఆవిడకు 20, 22, 24 అలా సాగింది. ఈ పెంచడం కూడా ముందే రాసిపెట్టుకున్న ప్రకారమే. "ఈ వారం బాగుంది కదా" అని ఒక్కసారిగా 40కి దూకితే, పాత ఎత్తుపల్లాలే కొత్త పేరుతో తిరిగొస్తాయి.

డిప్రెషన్ వల్ల ఆ ఇరవై నిమిషాలు కూడా కూర్చోబుద్ధి కాకపోతే?

బుద్ధి పుట్టేదాకా ఆగవద్దు. డిప్రెషన్‌లో ఉత్సాహం పని తర్వాత వస్తుంది, ముందు రాదు. అయితే కొలతను ముక్కలు చేయవచ్చు. మిషను దగ్గర కూర్చుని దారం ఎక్కించడం కూడా పనే. ఇంకో సంగతి: నాలుగు విడతల్లో కనీసం ఒకటి ఆ మనిషికి ఇష్టమైన పని అయి ఉండాలి. డబ్బు కోసం కుట్టేవే నాలుగూ అయితే రెండు వారాల్లో మానేస్తారు. ఆవిడ ఒక విడతను మనవరాలి గౌనుకు కేటాయించారు. ఆ బట్ట కొని ఏడాదిన్నర అయిందట, అలమారాలో ఉండిపోయింది.

అంగీకారం అంటే సర్దుకుపొమ్మనడమేగా? ఆ సలహా ఇంట్లోనే చాలామంది ఇచ్చారు.

ఆ మాటతో మాకూ ఇబ్బందే. తెలుగులో అంగీకారం అనగానే తలవంచడం అన్న అర్థం తగులుతుంది. అందుకే మొదటి రెండు మూడు వారాలు నేను ఆ పదమే వాడను. దానికి బదులు ఒక కాగితం మీద మూడు నిలువు గడులు గీయమంటాను. నొప్పి పోవడానికి ఏమేం చేశారు, ఒక గంటకు ఏం ఫలితం వచ్చింది, ఒక ఏడాదికి ఏం మిగిలింది.

ఆవిడ రాసినవి పదకొండు. నడుం వాల్చడం: గంటకు హాయి, ఏడాదికి నడుము ఇంకా బలహీనం. పెళ్లిళ్లకు వెళ్లకపోవడం: గంటకు నిశ్చింత; ఏడాదికి పిలిచేవాళ్లే తగ్గిపోయారు. కొత్త డాక్టరు: గంటకు ఆశ, ఏడాదికి ఇంకో ఫైలు. మూడో గడి మొత్తం నిండాక నేను ఏమీ అనలేదు. ఆవిడే అన్నారు: "అయితే ఇన్నాళ్లూ నేను నొప్పిని కాపలా కాస్తూ కూర్చున్నానన్నమాట." ఇలాంటి మాట మనిషి నోట వచ్చేదాకా, అంగీకారం గురించి ఉపన్యాసం ఇచ్చి ప్రయోజనం లేదు.

అక్కడినుంచి పని రెండు దారుల్లో నడుస్తుంది. ఒకటి, నొప్పిని తరిమే ప్రయత్నం చేయకుండా దాన్ని చూడటం. రోజుకు మూడు నిమిషాలు కూర్చుని ఎక్కడ ఉంది, మంటా, పోటా, అంచులు ఎక్కడ అని గమనించడం. దీంతో నొప్పి తగ్గుతుందని నేను మాట ఇవ్వను. తగ్గాలని చేస్తే అది మళ్లీ పోరాటమే. రెండోది, నొప్పి తోడుగా వచ్చినా సరే చేయదగ్గ పని ఏదని ఎంచుకోవడం. దీర్ఘకాలిక నొప్పిలో అంగీకారాన్ని కొలిచే ప్రశ్నావళి ఒకటుంది. అందులోనూ ఈ రెండే చూస్తారు: నొప్పి ఉన్నా పనుల్లో పాల్గొనడం, నొప్పిని అదుపు చేయాలన్న ఆరాటం సడలడం.

పేసింగ్‌కు దీని అవసరం ఎందుకంటే, పదో నిమిషంలోనే నొప్పి వచ్చినప్పుడు ఇరవై దాకా కూర్చోబెట్టేది ఇదే. టైమరు మోగినా "ఇంకొంచెం" అని సాగే మనసును ఆపేది కూడా ఇదే.

డిప్రెషన్‌లో "నా వల్ల కాదు" అన్న ఆలోచనను కూడా అంగీకరించమంటారా?

ఆలోచన వచ్చిందని ఒప్పుకోమంటాం, అది నిజమని కాదు. "నేను దేనికీ పనికిరాను" అనే చోట "నేను దేనికీ పనికిరానన్న ఆలోచన వచ్చింది" అని చెప్పించడం చిన్న మార్పులాగే ఉంటుంది. కానీ ఆ ఆలోచన వచ్చిన నిమిషంలో టైమరు నొక్కి మిషను మీద కూర్చోగలిగితే, దానితో వాదించి గెలవాల్సిన అవసరమే రాదు.

నిద్ర సంగతి నాలుగైదు వారాలు ఆగి ఎందుకు మొదలుపెడతారు?

నిద్ర చికిత్సలో మొదటి పది, పదిహేను రోజులు కష్టంగా ఉంటాయి. పగటి పనికి ఒక రూపం రాకముందే, మనసు మరీ కుంగి ఉన్నప్పుడే దాన్ని మీద పెడితే మనిషి చికిత్స మొత్తాన్నీ వదిలేస్తాడు. పైగా పేసింగ్ వల్ల పగటిపూట పడుకోవడం తగ్గితే నిద్ర సగం దారికి వస్తుంది.

ఆవిడ డైరీలో మంచం మీద ఉన్న సమయం రాత్రి తొమ్మిదిన్నర నుంచి ఉదయం ఏడు దాకా, అంటే తొమ్మిదిన్నర గంటలు. అందులో నిద్ర ఐదున్నర గంటలు. మంచం మీద గడిపిన సమయంలో నిద్ర 58 శాతమే. మిగిలిన నాలుగు గంటలూ నొప్పిని వింటూ, గతాన్ని తవ్వుకుంటూ గడిచేవి. మంచం అంటేనే మెలకువ అని మెదడు నేర్చుకుంది.

కాబట్టి మంచం మీది సమయాన్ని తగ్గిస్తాం. నిద్రపోయిన సగటుకు అరగంట కలిపి ఆరు గంటలు ఇచ్చాం: రాత్రి పన్నెండు నుంచి ఉదయం ఆరు. ఎవరికీ ఐదు గంటలకంటే తక్కువ ఇవ్వం. ఉదయం లేచే వేళ మారదు, ముందురాత్రి ఎలా గడిచినా సరే. మెలకువ వచ్చి పావుగంటకు పైగా నిద్ర రాకపోతే మంచం దిగాలి. నడుము నొప్పి ఉన్నవాళ్లకు ఇక్కడ ఒక చిక్కుంది. అర్ధరాత్రి లేచి ఎక్కడ కూర్చోవాలో తెలియక మంచంలోనే ఉండిపోతారు. ఒరగడానికి దిండ్లు, దుప్పటి, తక్కువ వెలుగు ఉన్న ఒక చోటును సాయంత్రమే సిద్ధం చేసుకోమంటాను. మొత్తం పథకంలో అతి చిన్న సూచన ఇదే, బాగా పనికొచ్చే వాటిలో ఇదీ ఒకటి.

పగలు నడుం వాల్చకుండా ఉండలేకపోతే వాల్చవచ్చు. కానీ పడకమంచం మీద కాదు, మధ్యాహ్నం మూడు లోపే, టైమరు పెట్టుకుని, నిద్రపోకుండా.

మొదటి వారం ఆవిడ నిద్ర నాలుగు గంటల యాభై నిమిషాలకు పడిపోయింది. చిరాకు పడ్డారు, ఏడ్చారు కూడా. ఆ రెండు వారాలూ మిషను కొలతను 24 దగ్గరే ఉంచాం, పెంచలేదు. రెండు కష్టాలు ఒకేసారి పెట్టకూడదు. రెండో వారానికి ఆరు గంటల్లో ఐదు గంటల పది నిమిషాలు నిద్రపోయారు, అంటే 86 శాతం. 85 దాటిన వారానికి పావుగంట చొప్పున కలుపుతాం.

ఇది అందరూ చేయవచ్చా?

చేయకూడదు. బైపోలార్ ఉన్నవాళ్లలో నిద్ర తగ్గిస్తే ఉన్మాద దశ మొదలు కావచ్చు, మూర్ఛ ఉన్నవాళ్లలో ఫిట్స్ రావచ్చు. నిద్రలో నడిచే అలవాటు ఉన్నవాళ్లకు, వాహనాలో ప్రమాదకరమైన యంత్రాలో నడిపేవాళ్లకు, రాత్రి లేస్తే పడిపోయే భయమున్న పెద్దవాళ్లకు ఈ పద్ధతిని మారుస్తాం లేదా మానేస్తాం. గట్టిగా గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగేవాళ్లకు ముందు దానికి పరీక్ష చేయించాలి. ఓపియాయిడ్లు వాడుతుంటే అది మరీ ముఖ్యం, అవి నిద్రలో శ్వాసను మందగింపజేస్తాయి.

నేను ఇప్పటికే డిప్రెషన్ మాత్ర వాడుతున్నాను. ఇవన్నీ ఎందుకు?

ఏ మాత్ర, ఎంత మోతాదు అని చూసుకోండి. అమిట్రిప్టిలిన్‌ను నొప్పికి ఇచ్చే మోతాదు సాధారణంగా డిప్రెషన్‌కు ఇచ్చేదానికంటే బాగా తక్కువ. చీటీ మీద యాంటీడిప్రెసెంట్ అని కనిపించినా డిప్రెషన్‌కు చికిత్స జరగకపోవచ్చు. డులోక్సెటిన్ కొన్ని రకాల నొప్పికీ, డిప్రెషన్‌కూ రెండింటికీ పనిచేయగలదు. ఇవి సైకియాట్రిస్టుతో మాట్లాడాల్సిన విషయాలు. మీ అంతట మీరు ఆపవద్దు. మాత్రలతో పాటు కూడా ఈ చికిత్స చేయవచ్చు.

ఇంట్లోవాళ్లం ఏం చేయాలి?

ఆవిడ కూతురిది మంచి మనసు. తల్లి ముఖం ముడుచుకోగానే "నువ్వు లే అమ్మా, నేను చేస్తాను" అనేది. నొప్పి కనబడిన ప్రతిసారీ పని చేతిలోంచి జారిపోతుంటే, పనికిరానన్న నమ్మకం బలపడుతుంది. కూతుర్ని కూర్చోబెట్టి ఒక్కటే అడిగాం: నొప్పి ఎలా ఉందని రోజుకు పదిసార్లు అడగవద్దు, టైమరు మోగినప్పుడు "లేచావా అమ్మా?" అని మాత్రం అడుగు. కొన్నాళ్లు ఆ అమ్మాయికి ఇది రాతిగుండెతనంలా అనిపించింది. అనిపిస్తుంది.

మధ్యలో నొప్పి విజృంభిస్తే పథకం విఫలమైనట్టేనా?

ఆవిడకు తొమ్మిదో వారంలో వచ్చింది. అప్పటికి కొలత 28 నిమిషాలు. ముందే రాసిపెట్టుకున్న కాగితం తీశాం: మూడు రోజులు 20, ఆ తర్వాత రెండు రోజులు 24, మళ్లీ 28. సున్నాకు దిగకపోవడమే ఇందులో కీలకం. లేచే వేళ ఆరు, అది మారలేదు. ఆ వారం మంచం సమయాన్ని పెంచలేదు, తగ్గించలేదు. ఈ కాగితాన్ని నొప్పి లేనప్పుడే రాసుకోవాలి, విజృంభించినప్పుడు ఎవరికీ ఆలోచన నడవదు.

కానీ కొత్తగా కాళ్లలో బలం తగ్గినా, తొడల మధ్య తిమ్మిరెక్కినా, మలమూత్రాలపై అదుపు పోయినా అది పాత నొప్పి విజృంభణ కాదు, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. జ్వరంతో నొప్పి వచ్చినా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా డాక్టరుకు త్వరగా చూపించాలి.

చివరికి నొప్పి ఎంత తగ్గుతుంది?

నిజం చెప్పాలంటే కొంచెమే. మానసిక చికిత్సలపై 2020లో, వైద్య పరిశోధనలను కూడగట్టి తూచే కాక్రేన్ సంస్థ ఇచ్చిన సమీక్ష ప్రకారం, ఆలోచనలు, ప్రవర్తన మీద పనిచేసే సీబీటీ వల్ల నొప్పి, వైకల్యం, మనోవ్యథ సగటున కొద్దిగా తగ్గుతాయి. అంగీకారం మీద నడిచే ఏసీటీకి ఆధారాలు అంతకంటే పలుచన. అయినా ప్రత్యేక కారణం కనిపించని దీర్ఘకాలిక నొప్పి విషయంలో బ్రిటన్‌లోని నైస్ సంస్థ 2021లో ఇచ్చిన మార్గదర్శకాలు ఈ రెండింటినీ పరిశీలించమన్నాయి.

ఆవిడ నొప్పి పదికి ఏడు నుంచి ఆరుకు వచ్చింది. పీహెచ్‌క్యూ-9 17 నుంచి 9కి దిగింది. పన్నెండో వారానికి మంచం మీద ఆరు ముప్పావు గంటలు, అందులో దాదాపు ఆరు గంటలు నిద్ర. మిషను మీద విడతకు 32 నిమిషాలు. ఆరు వారాలు గడిచినా పీహెచ్‌క్యూ-9 ఏమాత్రం కదలకపోయి ఉంటే ఇదే పథకాన్ని సాగదీయకుండా, మందుల విషయం సైకియాట్రిస్టుతో మళ్లీ మాట్లాడి ఉండేవాళ్లం.

ఈ టైమరు జీవితాంతమా?

అక్కర్లేదు. మూడు నెలల తర్వాత ఆవిడ మళ్లీ వచ్చారు. వంటకు, బట్టలు మడతపెట్టడానికి టైమరు ఎప్పుడో మానేశారట. మిషనుకు మాత్రం పెట్టుకుంటున్నారు. "దాని ముందు కూర్చుంటే నన్ను నేను నమ్మను," అన్నారు. గౌను పూర్తయింది. అప్పటికి మనవరాలికి పొట్టిదైపోవడంతో అంచు విప్పి, ఇంకో బట్ట జోడించారు. దానికి ఇంకో రెండు విడతలు పట్టిందట.